12 వేల గుడ్‌ఇయర్ వెల్ట్ షూ: సోల్ మార్పించుకుంటూ వాడితే గిట్టుబాటవుతుందా?

శ్రీకర్, గవర్నర్‌పేట: కోర్టు పని కాబట్టి ఏడాది పొడుగునా నల్ల బూట్లే. ఇన్నాళ్లూ 2,500 రూపాయల జత కొంటున్నాను, ఏడాదిన్నరకు ముందు భాగంలో సోల్ విడిపోతోంది. ఇప్పుడు బీసెంట్ రోడ్డులో ఒక షాపాయన 12,000 జత చూపించి, ఇది గుడ్‌ఇయర్ వెల్ట్, సోల్ మార్చుకుంటూ పదేళ్లు వాడొచ్చు అంటున్నాడు. నిజమేనా? వాడినవాళ్లు చెప్పండి.

నరేన్, పటమట: కళ్లు మూసుకుని కొనండి. సిమెంటెడ్ అంటే బంకతో అంటించిందే, ఊడిందంటే పారేయాలి. వెల్ట్‌ది జీవితాంతం వస్తుంది, వానలో చుక్క నీరు లోపలికి రాదు.

లక్ష్మి, గుంటూరు: గుడ్‌ఇయర్ అంటే టైర్ల కంపెనీ కదా, టైరు రబ్బరు సోలా? అదైతే మా ఇంట్లో ఇలాగే అయింది. మావారి పెళ్లి బూట్లు పెట్టెలో భద్రంగా దాచాం. మొన్న తీసి వేసుకుని నాలుగడుగులు వేశారో లేదో, సోల్ పొడిపొడిగా రాలిపోయింది. వాడనే లేదు!

మస్తాన్, గుంటూరు: లక్ష్మిగారూ, దీనికీ టైర్ల కంపెనీకీ సంబంధం లేదండీ. రబ్బరును గంధకంతో కాచి గట్టిపరిచే పద్ధతి కనిపెట్టిన గుడ్‌ఇయర్ గారి అబ్బాయి పేరు మీద వచ్చిన కుట్టు పద్ధతి ఇది. మీ బూట్లది బహుశా పీయూ సోల్, అంటే పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ రకంది. గాలిలో తేమకు అది లోపల్నుంచే విరిగిపోతుంది, పెట్టెలో ఉన్నా ఆగదు. మన కృష్ణా, గుంటూరు ఉక్కపోతకు ఇంకా త్వరగా పోతుంది.

శ్రీకర్ గారూ, నేను ఆంబూరు వైపు షూ ఫ్యాక్టరీలో చాలాకాలం పనిచేశాను. వెల్ట్ అంటే బూటు చుట్టూ తిరిగే తోలు పట్టీ. లోపల పాదం ఆనే ఇన్‌సోల్ అడుగున ఒక గట్టు ఉంటుంది, దానికి పై తోలునీ ఈ పట్టీనీ కలిపి ఒక కుట్టు వేస్తారు. ఆ పట్టీకి కింది సోల్‌ని వేరే కుట్టుతో కడతారు. సోల్ మార్చేటప్పుడు ఈ రెండో కుట్టు ఒక్కటే విప్పుతారు, పై తోలు జోలికి వెళ్లరు. లాభమంతా అక్కడే ఉంది.

నరేన్ గారు చెప్పింది సగమే నిజం. సిమెంటెడ్‌కీ సోల్ మార్చొచ్చు. వేడి చేసి ఊడదీసి, పాత బంక గీకి, తోలు అంచు గరుకు చేసి కొత్తది అంటిస్తారు. గీకినప్పుడల్లా ఆ అంచు పలచబడుతుంది కాబట్టి పదేపదే కుదరదు. ఇక నీళ్లంటారా, వెల్ట్ బూట్లలోకీ కుట్టు వెంబడి వస్తాయి.

శ్రీకర్, గవర్నర్‌పేట: మరి డబ్బు లెక్కకు నిలుస్తుందా మస్తాన్ గారూ?

మస్తాన్, గుంటూరు: 2,500 జతతో పోలిస్తే నిలవదండీ. మన ఎండకు, చెమటకు తోలు ఆరాలి, కాబట్టి దాన్ని రోజు విడిచి రోజే వేయాలి. అలా వాడితే పదేళ్లలో రెండుసార్లు సోల్ మార్పించారనుకోండి, కొరియర్‌తో కలిపి ఒక్కోసారి 4,000 వేసుకున్నా మొత్తం 20,000. మిగతా సగం రోజులకు మీ మామూలు జతే వేస్తే అది మూడేళ్లు వస్తుంది, పదేళ్లకు నాలుగు జతలు, 10,000. అంటే సగం రోజులకు రెట్టింపు ఖర్చు. 8,000, 9,000 పెట్టి సిమెంటెడ్ కొనేవాళ్లకైతే ఇది దాదాపు సరిపోతుంది.

అసలు చూడాల్సింది పై తోలు. వేళ్ల దగ్గర మడత పడే చోట నొక్కి చూడండి. సన్నటి ముడతలు పడితే మంచి తోలు. రంగు పొర ప్లాస్టిక్‌లా పగిలి లేస్తోందంటే, కింద ఎంత మంచి కుట్టున్నా సోల్ మార్చడం దండగ.

నరేన్, పటమట: నాది ఒక ముక్క. మన దగ్గర చెప్పులు కుట్టే ఆయనకు నా వెల్ట్ జత ఇచ్చాను. పట్టీ మీదుగా కుట్టే మిషన్ ఆయన దగ్గర లేదు, మేకులు కొట్టేశాడు. పట్టీ చీలిపోయింది. తర్వాత చెన్నై పంపితే, పట్టీ కూడా కొత్తది వేయాలని ఎక్కువ అడిగారు.

మస్తాన్, గుంటూరు: అందుకే ముందు వైపు కొన దగ్గర కన్నేసి ఉంచాలి. సోల్ అరిగి అరిగి పట్టీని తాకకముందే మార్పించాలి. హీల్ రబ్బరు మాత్రం ఇక్కడే మార్పించుకోవచ్చు. తోలు సోల్ అయితే కొత్తలోనే కింద పలచటి రబ్బరు హాఫ్‌సోల్ సొల్యూషన్‌తో అంటించమనండి. అరిగేది రబ్బరే, లోపలి కుట్టు భద్రంగా ఉంటుంది. ఆ పని చెప్పులు కుట్టే ఏ బంకు దగ్గరైనా చేస్తారు.

నరేన్, పటమట: దానికి నేను ఒప్పుకోను. రబ్బరు అంటిస్తే తోలు సోల్‌లోని చెమట బయటికి పోదు. మరి తోలు సోల్ కొనడం ఎందుకు?

మస్తాన్, గుంటూరు: చెమట ఎక్కువగా పోయేది పై నుంచే కదండీ.

నరేన్, పటమట: నా జత సాయంత్రం విప్పితే లోపల అట్ట చెమ్మగానే ఉంటోంది, రబ్బరు వేయించాకే అలా.

శ్రీకర్, గవర్నర్‌పేట: షాపులో చూసిన జతకు కింద రబ్బరు సోలే ఉంది, కాబట్టి ఆ గొడవ నాకు లేదు. కానీ పట్టీ మీద కుట్టు కనబడుతోంది, కింద సోల్ మీద మాత్రం ఎక్కడా లేదు. అది అసలు వెల్టేనా?

మస్తాన్, గుంటూరు: కొన్నిటికి సోల్‌లో గాడి చీల్చి, కుట్టి, మూసేస్తారు. అప్పుడు కనబడదు. కానీ రబ్బరు సోల్‌కి సాధారణంగా అలా చేయరు, కుట్టు కింద కనబడాలి. అంటించిన ఉత్తుత్తి పట్టీ మీద అందం కోసం కుట్టు వేసినవీ చాలా వస్తున్నాయి. పట్టీకీ సోల్‌కీ మధ్య సందు దగ్గర కొంచెం వంచి, దారం కిందికి దిగుతోందో లేదో చూడండి. కొనేముందు అడుగు భాగం ఫోటో ఇక్కడ పెట్టండి.