అప్‌డేట్: మాడ్ 72 లో నిల్‌పోటెంట్లు దొరికాయి

మాడ్ 72 అంటే 72 తో భాగిస్తే మిగిలే శేషాలతోనే లెక్క, నిల్‌పోటెంట్ అంటే తనని తానే గుణించుకుంటూ పోతే ఎప్పుడో ఒకప్పుడు 0 అయ్యేది. నేను అడిగింది: "మాడ్ 72 లో 2 × 36 = 0 కదా, మరి 2 నిల్‌పోటెంట్ ఎందుకు కాదు?"

అందరికీ థాంక్స్ అండి, నిన్న రాత్రి పెన్ను పట్టుకుని 2 పవర్లు రాసుకుంటూ పోయా, 2, 4, 8, 16, 32, 64, 56, 40, మళ్లీ 8 వచ్చేసింది, అంటే అక్కడే గుండ్రంగా తిరుగుతుంది తప్ప 0 కి ఎప్పటికీ రాదు. 72 = 2³·3² కదా, 2 ని ఎన్నిసార్లు గుణించినా అందులో 3 ఎక్కడి నుంచి వస్తుంది! సున్నా కాని ఇంకో దానితో గుణిస్తే 0 వచ్చే జీరో డివైజర్‌నీ నిల్‌పోటెంట్‌నీ నేను ఒకటే అనుకున్నా, తప్పంతా అక్కడే.

నిల్‌పోటెంట్ కావాలంటే 2, 3 రెండూ భాగించాలి, అంటే 6 గుణిజాలే, మొత్తం 12 ఉన్నాయి, ఆ గుంపే నిల్‌రాడికల్. 6² = 36, 6³ = 216 = 3 × 72, సున్నా అయిపోయింది. 12 కి అయితే స్క్వేర్ చాలు, 144.

యూనిట్లు, అంటే దేనితోనైనా గుణిస్తే 1 వచ్చేవి, 2 తో గానీ 3 తో గానీ భాగింపబడనివి, 24. మిగతా 36 అటూ కావు ఇటూ కావు, మన 2 అందులోదే.

నాకు బాగా నచ్చింది మాత్రం 1 + 6 = 7, నిల్‌పోటెంట్‌కి 1 కలిపితే యూనిట్ అవుతుందట, ఇన్వర్స్ 1 − 6 + 36 = 31, 6³ సున్నా కాబట్టి సిరీస్ అక్కడే ఆగిపోతుంది, చెక్ చేశా, 7 × 31 = 217, అంటే 1.