గవ్వలూ నాణేలూ ఒకే లెక్కా?

సగంచదివిన: ఎం.ఏ. ఫిలాసఫీ రెండో ఏడు. వేదాంతి శ్రీహర్షుడి పిడికిట్లో గవ్వలు, అమెరికన్ ఫిలాసఫర్ గెటియర్ జేబులో పది నాణేలు, ఈ రెండు ఉదాహరణలనూ పక్కపక్కన పెట్టి డిసర్టేషన్ రాద్దామనుకున్నాను. "పోలిక సరే, ప్రశ్న ఏది?" అని మా గైడు వెనక్కి పంపారు. రెండింట్లోనూ సంఖ్య సరిపోయింది, అయినా అది తెలిసినట్టు కాదు. ఇంకేం ప్రశ్న కావాలండీ?

గోదారిగట్టు: అనవసరంగా బెదిరిపోకండి. శ్రీహర్షుడు 12వ శతాబ్దం వాడు, గెటియర్ వ్యాసం 1963లో వచ్చింది. ఎనిమిది వందల ఏళ్ళు మనమే ముందు. అదే మీ థీసిస్.

తర్కపాఠి: ముందు ఎవరన్నారో తేల్చడానికి పంచాంగం చాలు. అసలు ఇద్దరూ ఒకే మాట అన్నారా, అది చూడాలి.

గెటియర్ కథలో స్మిత్, జోన్స్ ఒకే ఉద్యోగానికి వెళ్ళారు. అది జోన్స్‌కే వస్తుందని స్మిత్‌కు గట్టి ఆధారం ఉంది. జోన్స్ జేబులో పది నాణేలున్నాయని తనే లెక్కపెట్టి చూశాడు కూడా. అందుకని "ఉద్యోగం వచ్చేవాడి జేబులో పది నాణేలున్నాయి" అనుకున్నాడు. తీరా ఉద్యోగం స్మిత్‌కే వచ్చింది. తనకు తెలియకుండానే తన జేబులోనూ పది నాణేలున్నాయి. అనుకున్నది నిజమే, ఆధారమూ మంచిదే, కానీ తెలిసినట్టు కాదు. ఆధారం మంచిది కాకపోతే ఈ కథకు పసే లేదు.

గవ్వల కథలో ఆ ఆధారమే లేదు. ఒకడు పిడికిలి మూసి ఎన్ని అన్నాడు, ఇంకొకడు ఐదు అన్నాడు, ఐదే ఉన్నాయి. గెటియర్ ఎదిరించిన వాదులైతే "ఆధారం లేదు, పొండి" అని దీన్ని గడపలోనే ఆపేస్తారు. మరి శ్రీహర్షుడు కొట్టింది ఎవరిని? "ఉన్నదాన్ని ఉన్నట్టు అనుభవించడమే ప్రమ, అంటే సరైన జ్ఞానం" అన్న లక్షణాన్ని, అంటే నిర్వచనాన్ని. అందులో ఆధారం ఊసే లేదు కాబట్టి గుడ్డి ఊహ చాలు దాన్ని పడగొట్టడానికి. పైగా ఆయన ఆ లక్షణాన్ని బాగుచెయ్యడానికి రాలేదు, ఏ లక్షణమూ నిలవదని చూపడానికి వచ్చాడు.

నాణేలూ గవ్వలూ రెండూ లెక్కపెట్టేవి కావడం వల్లే మీకు జంటగా కనిపించాయి.

లెక్కలటీచర్: మా తొమ్మిదో తరగతిలో ఇది రోజూ ఉండేదేనండీ. ఒకడు గుడ్డిగా టిక్ పెడతాడు, సరిపోతుంది. ఇంకొకడు స్టెప్పులన్నీ తప్పు చేస్తాడు, జవాబు మాత్రం కరెక్టు. రెండోవాడికి నేను అర మార్కు కూడా వెయ్యను. వెయ్యాలంటారా?

తర్కపాఠి: మార్కుల సంగతి మీ దయ. కానీ మీ పిల్లలిద్దరూ వేరన్నది ఇక్కడ బాగా పనికొస్తుంది. టిక్ పెట్టినవాడు గవ్వలవాడు. రెండోవాడి చుట్టం 8వ శతాబ్దపు బౌద్ధుడు ధర్మోత్తరుడి దగ్గర ఉన్నాడు. మాంసం కాల్చడానికి అప్పుడే నిప్పు రాజేశారు, పొగ ఇంకా లేవలేదు. వాసనకు పురుగులు గుంపుగా మూగాయి. దూరం నుంచి చూసినవాడు దాన్ని పొగ అనుకుని, అక్కడ నిప్పుందన్నాడు. నిప్పు ఉంది. వెళితే దొరుకుతుంది కూడా. దొరకడమే ప్రమాణానికి, అంటే నమ్మదగిన జ్ఞానానికి, గుర్తయితే ఇదీ ప్రమాణమే కావాలి. ఆయన ఇబ్బంది అది.

సగంచదివిన: అయితే గవ్వలు తీసేసి పురుగులు పెడితే సరిపోతుందా?

తర్కపాఠి: కాస్త దగ్గరకొస్తారు, అంతే. ముందు ప్రశ్నను ప్రమ, జస్టిఫికేషన్ లాంటి ఒక పక్షం మాటలేవీ లేకుండా రాయండి. "నిజం అదృష్టవశాత్తు చిక్కితే అది తెలియడమేనా? కాదంటే ఏది లోపించింది?" ఇది శ్రీహర్షుడు, గెటియర్, ధర్మోత్తరుడు ముగ్గురినీ అడగొచ్చు, ముగ్గురూ వేరే జవాబులు చెప్పొచ్చు. అప్పుడు గవ్వల్ని కూడా పారెయ్యక్కర్లేదు, ఏ జవాబును అవి కొడతాయో చూపిస్తే చాలు.

ప్రమను నాలెడ్జ్ అని అనువదించేటప్పుడూ జాగ్రత్త. తెలుగువాడని మనం చెప్పుకునే అన్నంభట్టు తన న్యాయగ్రంథం తర్కసంగ్రహంలో స్మృతిని ప్రమలో చేర్చడు. మీ అమ్మగారి పుట్టినరోజు మీకు గుర్తుంది. ఇంగ్లీషువాళ్ళకు అది నాలెడ్జే, ఆయనకు ప్రమ కాదు.

గోదారిగట్టు: ఆ న్యాయదర్శనం వాళ్ళ, అంటే నైయాయికుల, జవాబు తేలికేగా. నిప్పు ఉన్నచోట నిప్పు ఉందని తెలిసింది, ప్రమే. కారణం తప్పయితేనేం?

పాతలెక్చరర్: అంత తేలిక కాదు నాయనా. ప్రమ పుట్టాలంటే దాని కారణంలో గుణం అనే మంచి అంశం కావాలన్నదీ వాళ్ళే. గుర్తును బట్టి తేల్చుకునే అనుమానానికి ఆ గుణం సరైన పరామర్శ, అంటే నిప్పును విడిచి ఉండని పొగ అక్కడ ఉందని సరిగా గుర్తించడం. పురుగుల్ని పొగ అనుకున్నవాడికి అది లేదు. మరి ప్రమ ఎలా పుట్టిందంటావు?

తర్కపాఠి: ఈసారి గోదారిగట్టు గారిని పూర్తిగా కొట్టెయ్యలేను మాస్టారూ. లక్షణం మాటల్ని ఉన్నవున్నట్టు పట్టుకుంటే ఆయనదే పైచెయ్యి, కారణాల లెక్క చూస్తే మీది. నేను మీవైపే మొగ్గుతాను, కానీ ఒట్టేసి చెప్పను.

సగంచదివిన: అయితే నా రెండో అధ్యాయం ఈ గొడవే. గవ్వలు ఫుట్‌నోట్‌లోకి పోయాయి. గైడుకు రేపు చూపిస్తాను.

లెక్కలటీచర్: ఆ అర మార్కు సంగతి ఎవరూ చెప్పలేదు.