‘అడ్వాన్స్ ముట్టింది, పని మొదలుపెడుతున్నాం’: ఈ ఉత్తరం తెలుగులో ఎలా రాయాలి?

పోచంపల్లి నేత ఇల్లు:
అందరికీ నమస్కారం. విజయవాడలో ఒక చీరల దుకాణం వాళ్లు దసరా అమ్మకాల కోసం 16 పట్టు ఇక్కత్ చీరలు చెప్పారు. ఒక్కోటి 9,000 రూపాయలు, మొత్తం 1,44,000. నలభై శాతం, అంటే 57,600 ముందుగా పంపారు. ఉత్తరం తెలుగులోనే కావాలన్నారు. నేను ఇలా రాశాను:

“మీ అడ్వాన్స్ స్వీకరించబడినది. జూన్ 25 నుండి ఉత్పత్తి ప్రారంభించబడును. ఆగస్టు 31 వరకు సరుకు పంపబడును.”

దుకాణం ఆయన వెంటనే ఫోన్ చేసి, “31 వరకు పంపుతూనే ఉంటారా? విడతలుగా వస్తాయా?” అని అడిగారు. నా ఉద్దేశం అది కాదు. 31 దాటనివ్వమనే చెప్పాను. ఎక్కడ తేడా వచ్చింది?

తెనాలి మాస్టారు:
తేడా ‘వరకు’లో ఉంది నాయనా. ‘సాయంత్రం వరకు చదివాను’ అంటే చదువు సాయంత్రం దాకా సాగిందని అర్థం. ఒక్కసారి జరిగి ముగిసే పనికి ‘లోగా’ అనాలి. ఆ రోజుకు పని అయిపోయి ఉండాలంటే ‘31 కల్లా’, ‘31 నాటికి’. నువ్వు రాసింది తప్పు తెలుగు. ఆ ‘బడు’లన్నీ కూడా తీసెయ్. డబ్బు అందుకున్నది నువ్వు, నేసేది నువ్వు. ‘అందుకున్నాం’, ‘మొదలుపెడతాం’, ‘పంపుతాం’ అని రాస్తే మాట ఇచ్చినవాడెవడో తెలుస్తుంది.

సిద్దిపేట చెల్లె:
మాస్టారూ, ‘బడు’ల గురించి మీరన్నది నిజమే. ‘వరకు’ మాత్రం తప్పు కాదండీ. మా దిక్కు ‘పొద్దూకే వరకు వస్త’ అంటే పొద్దూకేలోపు వస్తానని. ఇల్లంతా అట్లనే మాట్లాడుతం. ‘పైసలు ముట్టినయి’ అన్నా అంతే, అందినట్టే లెక్క. అన్న రాసింది మా ఊళ్లో ఎవరు చదివినా సరిగ్గానే అర్థం చేసుకుంటారు. చదివేది విజయవాడ ఆయన కాబట్టి ఇక్కడ ‘లోగా’ అని మారిస్తే చాలు. తప్పని కొట్టెయ్యొద్దు.

తెనాలి మాస్టారు:
ఆ వాడుక నాకు తెలియదమ్మా. తప్పన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. రెండు ప్రాంతాల మధ్య నడిచే ఉత్తరంలో మాత్రం ‘వరకు’ వద్దనే అంటాను.

కూకట్‌పల్లి గృహిణి:
నాకూ ఇదే జరిగింది. వంటింటి అరలకు అడ్వాన్స్ ఇచ్చాను. ‘పని మొదలైంది మేడమ్’ అని మెసేజ్ వచ్చింది. వెళ్లి చూస్తే ప్లైవుడ్ కూడా కొనలేదు. ఇలాంటివాళ్ల మీద ఫిర్యాదు ఎక్కడ చెయ్యాలి?

పోచంపల్లి నేత ఇల్లు:
ఫిర్యాదు సంగతి నాకు తెలియదమ్మా. కానీ మీ మాట నా ఉత్తరానికీ తగులుతుంది. మా పనిలో ‘మొదలు’ ఎప్పుడన్నది నిజంగానే చిక్కు ప్రశ్న. చాలామంది మగ్గం మీద నూలు కనిపిస్తేనే పని మొదలైందనుకుంటారు. ఇక్కత్‌లో డిజైన్ నేతకు ముందే నూలు మీద పడుతుంది. నూలును ఆసు మీద వరసగా చుట్టి, గీత ప్రకారం రంగు అంటకూడని చోట బిగించి కట్టి, అంటే చిటికి కట్టి, రంగు అద్ది, ఆరబెట్టి, విప్పి, మళ్లీ కట్టి ఇంకో రంగు అద్దాలి. రంగు పెరిగిన కొద్దీ ఈ చుట్టు పెరుగుతుంది. అదంతా అయ్యాక పోగులను అచ్చులోని పాత పోగులకు అతికి మగ్గానికి ఎక్కిస్తాం.

ఈ ఆర్డర్‌లో జూన్ 25న చిటికి కట్టడం మొదలవుతుంది, మగ్గం ఎక్కేది జూలై 20 ప్రాంతంలో. ఒక పడుగుకు ఎనిమిది చీరల లెక్కన రెండు పడుగులు, రెండు మగ్గాలు. చీరకు మూడు నాలుగు రోజుల నేత. అంటే ఆగస్టు మూడో వారానికి నేత పూర్తయి మగ్గం మీంచి చీరల కోత అవుతుంది. ఆయన జూలై మొదట్లో వచ్చి ఖాళీ మగ్గం చూస్తే నేను అబద్ధం చెప్పాననుకుంటారు.

తెనాలి మాస్టారు:
అయితే ‘ఉత్పత్తి ప్రారంభం’ అన్న మాటే అక్కర్లేదు. ‘జూన్ 25న చిటికి కట్టడం మొదలుపెడతాం, జూలై 20 ప్రాంతంలో మగ్గం ఎక్కిస్తాం’ అని రాసెయ్. చీరలు అమ్మేవాడికి ఆ మాటలు తెలిసే ఉంటాయి.

లెక్కల రమేశ్ (అకౌంట్స్):
రెండు విషయాలు. ‘అందింది’ అని ఎప్పుడు రాశారు? అవతలివాళ్లు ఫొటో పంపగానే రాయకండి. మీ ఖాతాలో జమ కనిపించాక, ఆ తేదీ, బ్యాంకు ఆ చెల్లింపుకు ఇచ్చే యూటీఆర్ నంబరు వేసి ‘జమ అయింది’ అనండి. ‘స్వీకరించాం’ అంటే చెక్కు తీసుకున్నా స్వీకరించినట్టే, అది తిరిగొచ్చే అవకాశం ఉంది. రెండోది, మిగిలిన 86,400 ఎప్పుడు ఇవ్వాలో కూడా ఆ ఉత్తరంలోనే ఉండాలి. పార్సిల్ కట్టాక ఆ మాట ఎత్తితే గొడవ.

గుంటూరు మిర్చి:
అడ్వాన్స్ తీసుకున్నారు కాబట్టి దాని మీద జీఎస్టీ వెంటనే కట్టాలి కదా? అది కూడా ఉత్తరంలో రాయాలి.

లెక్కల రమేశ్:
సేవలకైతే అంతే అన్నా. సరుకులకు 2017 నవంబరు నుంచి ఆ బాధ లేదు, పన్ను సరుకు ఇచ్చేటప్పుడు బిల్లుతో వస్తుంది. మీరు నమోదైన వ్యాపారి అయితే అడ్వాన్స్‌కు రశీదు ఓచరు మాత్రం ఇవ్వాలి. ఉత్తరంలో ఆ ఓచరు నంబరు వేస్తే చాలు.

సిద్దిపేట చెల్లె:
అన్నా, ‘పంపుతాం’ అంటే ఏ రోజు? మీ ఇంట్లో మూట కట్టిన రోజా, కార్గోలో వేసిన రోజా, ఆయన కొట్టుకు చేరిన రోజా? మా అత్తమ్మ వాళ్లకు చీరలు పోయినప్పుడు అక్కడే లొల్లి అయింది.

పోచంపల్లి నేత ఇల్లు:
కార్గోలో బుక్ చేసిన రోజు. చేరే రోజు నా చేతిలో లేదు. ఒక్క తేదీ చెప్పకుండా వారం గడువు పెడుతున్నదీ అందుకే. జూలై, ఆగస్టుల్లో ముసురు పడితే అద్దిన నూలు ఆరదు, మగ్గం గుంతలో నెమ్ము చేరి పోగులు తెగుతాయి. ఆలస్యం ముందుగా కనిపించేది అద్దకంలోనే. జూలై 20కి మగ్గం ఎక్కలేదంటే ఆగస్టు చివరి గడువు కూడా వెనక్కి జరుగుతుంది. కనుక ఆ రోజే కబురు చేస్తానని రాస్తాను.

అందరి మాటలూ కలిపి తిరగరాసింది ఇది:

“మీరు పంపిన అడ్వాన్స్ 57,600 రూపాయలు జూన్ 18న మా ఖాతాలో జమ అయింది. రశీదు ఓచరు జత చేశాం. మీరు ఒప్పుకున్న డిజైన్ ప్రకారం జూన్ 25న చిటికి కట్టడం మొదలుపెడతాం. జూలై 20 ప్రాంతంలో రెండు మగ్గాలూ ఎక్కుతాయి. ఎక్కిన రోజు ఫొటో పంపుతాం. ఆలస్యమయ్యేలా ఉంటే అప్పుడే చెబుతాం. 16 చీరలూ ఒకేసారి ఆగస్టు 24 - 31 తేదీల మధ్య కార్గోలో బుక్ చేసి రశీదు పంపుతాం. మిగిలిన 86,400 రూపాయలు బుకింగ్‌కు ముందు పంపగలరు.”

తెనాలి మాస్టారు:
బాగుంది. ‘పంపగలరు’ బదులు ‘పంపండి’ అను. ‘గలరు’ అంటే శక్తి ఉందని చెప్పినట్టు ఉంటుంది.

లెక్కల రమేశ్:
వ్యాపార ఉత్తరాల్లో ‘పంపగలరు’ మర్యాదగా స్థిరపడిపోయింది మాస్టారూ. నేనైతే ఉంచుతాను.

గుంటూరు మిర్చి:
మా వైపు అడ్వాన్స్‌ను బజానా అంటాం, మీ వైపు బయానా అంటారట. ‘అడ్వాన్స్’ తీసేసి ఆ మాట పెట్టవచ్చు కదా, మన మాటలా ఉంటుంది.

సిద్దిపేట చెల్లె:
బయానా ఇచ్చినాయన బేరం వద్దంటే ఆ పైసలు పోయినట్టే అంటారు మా దగ్గర. అన్న మనసులో అదే ఉందా? విజయవాడ ఆయన దానికి ఒప్పుకున్నాడా?

పోచంపల్లి నేత ఇల్లు:
ఆ మాట మా మధ్య రానే లేదు. రంగు అద్దాక ఆయన వద్దంటే ఆ నూలు ఇంకొకరి డిజైన్‌కు పనికిరాదు, చిటికి కట్టక ముందైతే నాకు నష్టం లేదు. రేపు ఫోన్ చేసి అడుగుతాను. అప్పటిదాకా ‘అడ్వాన్స్’ అనే ఉంచుతున్నాను.