అప్‌డేట్: సిమెంటు బస్తా ఖర్చు 145 కాదు, 125

అడిగింది: "సున్నపురాయి, ఇంధనం, కరెంటు, ప్యాకింగ్ అన్నీ కలిపి పంచితే 50 కిలోల బస్తాకు 145 వస్తోంది. ఈ నెలే ఎందుకింత ఎక్కువ?"

తేడా క్లింకర్ నిల్వలో, అంటే కిల్న్‌లో కాల్చి తీసి ఇంకా సిమెంటుగా రుబ్బని గడ్డల నిల్వలో ఉంది. సున్నపురాయి, బొగ్గు, కిల్న్ కరెంటుకు 120 లక్షలైంది, 6,000 టన్నుల క్లింకర్ వచ్చింది. అంటే టన్నుకు 2,000. కానీ గ్రైండింగ్‌కు వెళ్లింది 5,000 టన్నులే. ప్రారంభ నిల్వ 1,000 టన్నులు (19 లక్షలు) కలిపి, ముగింపు నిల్వ 2,000 టన్నులు (40 లక్షలు) తీసేస్తే 99 లక్షలు మిగిలింది.

దీనికి జిప్సం, మిల్లు కరెంటు 16.5 లక్షలు కలిపి, 5,250 టన్నుల సిమెంటుతో భాగిస్తే టన్నుకు 2,200, బస్తాకు 110.

ప్యాకింగ్‌ను మాత్రం నింపిన 80,000 బస్తాలకే పంచాం. సైలోలోని విడి సిమెంటుకు సంచి ఖర్చు అంటగట్టడం అన్యాయం కదా! 12 లక్షలకు బస్తాకు 15, అంటే మొత్తం 125.

ఇక మిగిలిన టెన్షన్ క్లింకర్ కుప్ప కొలతే. అది 100 టన్నులు తప్పితే 2 లక్షలు అటూఇటూ అవుతుంది, బస్తాకు దాదాపు 2 తేడా. అందుకే సర్వే మళ్లీ చేయిస్తున్నాం.