స్క్రిప్ట్ ఓకే చేశాక రీషూట్ అడుగుతున్నారు, ఎక్స్‌ట్రా తీసుకోవచ్చా?

నాకు 11 వేల మంది ఫాలోవర్లు. ఒక బ్రాండ్‌తో ఒక రీల్, రెండు స్టోరీలకు డీల్ కుదిరింది, సగం అడ్వాన్స్ వచ్చింది, మిగతాది పోస్ట్ చేశాక ఇస్తామన్నారు. నేను చేసిన తప్పేంటంటే మెయిల్‌లో "రివిజన్లు ఉంటాయి" అని రాసి ఎన్నో రాయలేదు.

షూట్‌కి ముందే స్క్రిప్ట్ పంపితే "అప్రూవ్డ్" అని రిప్లై ఇచ్చారు, అది నా దగ్గర ఉంది. మొదటి డ్రాఫ్ట్‌కి టెక్స్ట్ రంగు మార్చమన్నారు, రెండోసారి మ్యూజిక్, రెండూ చేసిచ్చాను. ఇప్పుడు మూడోసారి మొదటి మూడు సెకన్లలోనే ప్రాడక్ట్ కనిపించాలట, అంటే ఓపెనింగ్ అంతా మళ్లీ షూట్ చేయాలి. పైగా "Paid partnership" లేబుల్ తీసేసి, క్యాప్షన్ చివర్లో హ్యాష్‌ట్యాగ్ పెడితే చాలన్నారు. లేబుల్ తీయనని చెప్పేశాను, అందులో బేరం లేదు.

రీషూట్‌కి మాత్రం మొత్తం ఫీజులో 30 శాతం అదనంగా అడిగాను. అది కూడా రివిజనే కదా అంటున్నారు. ఎడిటింగ్‌లో అయ్యే మార్పు వేరు, అప్రూవ్ చేసిన స్క్రిప్ట్‌నే మార్చడం వేరు అని రెండుసార్లు మెయిల్ పెట్టినా అదే జవాబు. పోస్ట్ చేయాల్సిన డేట్‌కి ఇంకా నాలుగు రోజులే ఉంది, మిగతా సగం వాళ్ల దగ్గరే ఉంది, టెన్షన్ అంతా అదే.

ఇలాంటి పరిస్థితిలో స్క్రిప్ట్ అప్రూవల్ మెయిల్ ఒక్కటే చూపించి రీషూట్ డబ్బులు రాబట్టినవాళ్లు ఉంటే, బ్రాండ్‌కి సరిగ్గా ఏమని రాశారో చెప్తారా?