"బెంజ్ సర్కిల్ దగ్గర ఆపుతారా?" వీడియో పాఠంలో విరామం ఎంత ఉండాలి?

పటమట టీచర్:
అందరికీ నమస్కారం. బిహార్, ఒడిశాల నుంచి మన ఊరికి పనికి వచ్చినవాళ్ల కోసం ఎనిమిది నిమిషాల తెలుగు పాఠం రాస్తున్నాను. హిందీలో అడిగి తెలుగులో అనిపించాలి. ఒక వాక్యం దగ్గర ఇరుక్కుపోయాను. స్క్రిప్టులో ఆ ముక్క ఇదీ:

స్వరం (హిందీలో): ఆటో బెంజ్ సర్కిల్ దగ్గర ఆపుతారేమో అడగండి.
తెర: బెంజ్ సర్కిల్ దగ్గర ఆపుతారా?
స్వరం: బెంజ్ సర్కిల్ దగ్గర ఆపుతారా?
విరామం: 2 సెకన్లు
స్వరం: మళ్లీ అనండి.

మా వీధి టిఫిన్ బండి దగ్గర పనిచేసే ఒడియా కుర్రాడికి చూపిస్తే "బెంజ్ సర్కిల్ దగ్గ..." అనేసరికి వీడియో ముందుకెళ్లిపోతోంది. వాక్యం మార్చనా, విరామం పెంచనా?

ఆరండల్‌పేట అమ్మమ్మ:
డల్లాస్‌లో మా మనవడికి కూడా ఇలాంటిదే కావాలమ్మా. వాడికి అన్నీ అర్థమవుతాయి, నోరు మాత్రం విప్పడు. అ ఆ ఇ ఈలు ఎప్పుడు పెడుతున్నారు?

బ్రాడీపేట మాస్టారు:
అమ్మమ్మగారూ, ఇది అక్షరాల పాఠం కాదండీ, నోటి పాఠం.

టీచర్‌గారూ, ఆ వాక్యం మనం మామూలుగా అంటేనే రెండు సెకన్లు పడుతుంది. కొత్తవాడికి అంతకు రెట్టింపు కావాలి. విన్న వెంటనే తిరిగి అనే చోట నాలుగు సెకన్లు ఇవ్వండి. హిందీలో అడిగి, తెలుగు వినిపించకుండా వాళ్లచేతే చెప్పించే చోట ఆరు. అక్కడ మాట గుర్తు తెచ్చుకోవడానికీ టైం పడుతుంది కదా.

అసలు ఇబ్బంది తెర మీద ఉంది. అనకముందే అక్షరాలు కనిపిస్తే, చదవడం వచ్చినవాడు చదివేస్తాడు, గుర్తు తెచ్చుకోడు. రానివాడు కంగారుపడతాడు. విరామంలో తెర మీద మీ ముఖం మాత్రం ఉండాలి, పెదవులు కదలకూడదు. వాళ్లు అన్నాక మీ గొంతు, దాంతోపాటే అక్షరాలు.

ఇక వాక్యాన్ని ముందు నుంచి కాకుండా వెనక నుంచి కట్టండి:

స్వరం: ఆపుతారా? (2 సెకన్లు)
స్వరం: దగ్గర ఆపుతారా? (3 సెకన్లు)
స్వరం: బెంజ్ సర్కిల్ దగ్గర ఆపుతారా? (4 సెకన్లు)

మన క్రియ చివర వస్తుంది కాబట్టి ఇది తెలుగుకి భలే కుదురుతుంది. "ఆపుతారా?" ఒక్కటన్నా అది పూర్తి ప్రశ్నే. అదే ముందు నుంచి కడితే "బెంజ్ సర్కిల్ దగ్గర" అని గాల్లో ఆగిపోతాం. పైగా ప్రతిసారీ నోటికి బాగా అలవాటైన ముక్క మీదకి దిగుతాడు, చివర తడబడడు.

గవర్నర్‌పేట కుర్రాడు:
మాస్టారూ, మనం "దగ్గర ఆపుతారా" అని విడదీసి ఎక్కడంటాం? "దగ్గరాపుతారా" అంటాం. తెర మీద కూడా అలాగే రాయాలి, లేకపోతే విన్నదానికీ చూసినదానికీ పొంతన ఉండదు.

బ్రాడీపేట మాస్టారు:
చెవికి సంబంధించి నువ్వన్నది నిజం. కానీ తెలుగు లిపిలో కలిపి రాస్తే "దగ్గర" అనే మాట విడిగా పట్టుబడదు. రేపు "గుడి దగ్గర" అనాల్సి వస్తే ఎలా?

అయితే నీ మాట పనికొచ్చే చోటు ఒకటుంది. టీచర్‌గారూ, హిందీవాళ్ల కోసం నాగరిలో కూడా వేస్తున్నారా?

పటమట టీచర్:
వేస్తున్నాను. दग्गर आपुतारा అని.

బ్రాడీపేట మాస్టారు:
బిహార్ కుర్రాడు దాన్ని "దగ్గర్ ఆపుతారా" అని చదువుతాడు. హిందీ చదివేటప్పుడు మాట చివరి అకారం పలకరు. ఒడియావాళ్లు పలుకుతారు కాబట్టి మీ టిఫిన్ బండి అబ్బాయి దగ్గర ఈ తప్పు బయటపడదు. నాగరిలో మాత్రం दग्गरापुतारा అని కలిపేయండి.

సత్యనారాయణపురం:
ఇంత చర్చ దేనికండీ, ఆటోలో కూర్చున్నాక ఎవరైనా "ఆపుతారా" అంటారా? "ఇక్కడ ఆపండి" అంటాం. ఎక్కేముందైతే "బెంజ్ సర్కిల్ వస్తారా?" అంటాం. నేను రోజూ షేర్ ఆటోలో తిరిగేవాణ్ణి.

ఆరండల్‌పేట అమ్మమ్మ:
మేమైతే "కాస్త ఆపు నాయనా" అంటాం.

పటమట టీచర్:
అమ్మమ్మగారూ, మీ వయసుకి చెల్లుతుంది. బిహార్ కుర్రాడు అలా అంటే గొడవైపోతుంది!

"వస్తారా" మంచి మాటే. కానీ "ఆపుతారా" నేర్చుకుంటే బస్సు కండక్టర్నీ అడగొచ్చని పెట్టాను.

మాస్టారూ, వెనక నుంచి కట్టి, అక్షరాలు తీసేసి, కుర్రాడితో మళ్లీ అనిపించాను. వాక్యం మొత్తం వచ్చింది. కాకపోతే రెండు నిమిషాల తర్వాత హిందీలో అడిగితే "బెంజ్ సర్కిల్ ఆపుతారా" అన్నాడు. "దగ్గర" ఎగిరిపోయింది.

బ్రాడీపేట మాస్టారు:
రెండు నిమిషాల పాటు అసలు అడగలేదు కదూ? పాల్ పిమ్స్లర్ అనే ఆయన 1967లో రాసిన వ్యాసంలో లెక్క ఇది: కొత్త మాటని మొదట 5 సెకన్లకి, తర్వాత 25 సెకన్లకి, ఆ తర్వాత 2 నిమిషాలకి, 10 నిమిషాలకి అడగాలి. సెకను సెకనూ లెక్కేసుకుంటూ కూర్చోనక్కర్లేదు, ఎడం పెరుగుతూ పోతే చాలు. మీ వీడియో ఎనిమిది నిమిషాలే కాబట్టి పది నిమిషాలది తర్వాతి పాఠం మొదట్లో పెట్టండి. 25 సెకన్ల దగ్గర "బస్టాండ్ దగ్గర ఆపుతారా?" అనిపిస్తే "దగ్గర" నిలబడుతుంది.

గవర్నర్‌పేట కుర్రాడు:
ఆరు సెకన్లు ఏమీ మాట్లాడకపోతే జనం వీడియో స్కిప్ చేస్తారు మాస్టారూ. వెనకాల చిన్న మ్యూజిక్ పెడితే?

బ్రాడీపేట మాస్టారు:
మ్యూజిక్ వద్దు, వాడి గొంతు వాడికే వినపడదు. తరిగిపోయే గీత ఒకటి తెర కింద వెయ్యొచ్చు. అది చూసి కొందరు హడావుడి పడతారు, కొందరికి ఊరటగా ఉంటుంది. టీచర్‌గారు గీత ఉన్న వీడియో ఒకటి, లేనిది ఒకటి తీసి చూడాలి.

సత్యనారాయణపురం:
"వస్తారా" మాత్రం మొదటి పాఠంలోనే ఉండాలి. ఆటో ఎక్కకుండా ఆపమనడం ఏంటండీ?