పిలుపులో పేరు ఎక్కడ పెట్టాలి? (కాలేజీ సాంస్కృతికోత్సవ వ్యాఖ్యానం)

గోదారి గట్టు: మా కాలేజీ ఉత్సవానికి వ్యాఖ్యానం రాస్తున్నాను. ప్రతి అంశానికీ ఇదే మూస వస్తోంది: "తదుపరి అంశంగా, లలిత గీతం ఆలపించడానికి బీకాం ద్వితీయ సంవత్సరం విద్యార్థిని పల్లవి గారిని వేదికను అలంకరించవలసిందిగా కోరుతున్నాం." చదివి చూస్తే చప్పగా ఉంది. ఊపు ఎక్కడ పోతోంది?

పాత మైకు: వేదికను అలంకరించేది కుర్చీల్లో కూర్చునే అతిథులండీ. పాడి వెళ్లిపోయే అమ్మాయికి ఆ మాట అతకదు. అసలు చిక్కు మాత్రం వాక్యం వరసలో ఉంది. మన క్రియ చివరికి చేరుతుంది కాబట్టి పేరు మధ్యలో నలిగిపోతుంది. స్నేహితులు పేరు వినగానే కేక పెడతారు, మిగతా సగం వాక్యం ఆ గోలలో కలిసిపోతుంది. తక్కినవాళ్లు "కోరుతున్నాం" దాకా ఆగుతారు, అప్పటికి చప్పట్లు కొట్టాలన్న ఉత్సాహం ఉండదు. క్రియను వదిలేయండి. ముందు అంశం, తర్వాత తరగతి, చిట్టచివర పేరు: "లలిత గీతంతో... బీకాం రెండో సంవత్సరం... పల్లవి!" సౌండ్ చూసే అబ్బాయికీ ఆ పేరే సైగ. పేరు తర్వాత ఇంకొక్క మాట అన్నా ట్రాక్ మీ గొంతు మీద పడుతుంది.

పద్యప్రియ: ఎందుకండీ ఈ తంటాలు? ప్రతి అంశానికీ ముందు ఒక పద్యం చదివితే సభ దానంతటదే లేస్తుంది.

పాత మైకు: ప్రారంభంలో ఒకటి బాగుంటుంది, అదీ ఆటవెలది లాంటి చిన్నది. సీసమైతే నాలుగు పెద్ద పాదాలు, కింద మళ్లీ ఒక ఎత్తుగీతి. కుర్రాళ్ల సభ అంతసేపు ఆగదు. పైగా చాలామంది పాదం చివర ఆగుతారు, అర్థం దగ్గర ఆగరు. మాట సగానికి విరిగి ఎవరికీ ఏమీ అందదు.

ఓరుగల్లు కోట: మాది వరంగల్ దిక్కు. మా దగ్గర ముందు పేరిణి, దాని ఎనుక పాట ఉన్నది. పేరిణికి "ఎనిమిది వందల ఏండ్ల సంది ఆగకుండ వస్తున్న కాకతీయుల నాట్యం" అని రాసిన. మంచిగున్నదా?

పాత మైకు: కాకతీయుల కాలం సరే, "ఆగకుండ" తీసేయండి. మరుగున పడ్డ పేరిణిని నటరాజ రామకృష్ణ 20వ శతాబ్దంలో తిరిగి నిలబెట్టారు. జాయప సేనాని నృత్తరత్నావళి, రామప్ప గుడి శిల్పాలు ఆయనకు ఆధారం. ఇది చెబితేనే పరిచయం ఇంకా బాగుంటుంది. ఇక పేరిణి నుంచి పాటకు దిగడమే కష్టం. ఆడినవాళ్లు దిగాలి, మైకు స్టాండు రావాలి, శ్రుతి పెట్టాలి. సుమారు నిమిషం పడుతుంది. నేనైతే ఇలా రాస్తాను:

"గుడి గోడ మీది శిల్పం కాలు కదిపితే ఇలా ఉంటుందన్నమాట! పేరిణి బృందానికి మరోసారి గట్టిగా! (ఆగాలి) ఇంతసేపూ మద్దెల మాట్లాడింది. ఇక మద్దెలకు విశ్రాంతి. ఒక్క శ్రుతి, ఒక్క గొంతు. లలిత గీతంతో... బీకాం రెండో సంవత్సరం... పల్లవి!"

మొదటి వాక్యం చప్పట్లు సగానికి తగ్గాక అందుకోండి. ముందే మొదలుపెడితే అరవాల్సి వస్తుంది, పూర్తిగా తగ్గాక మొదలుపెడితే సభ చల్లారిపోయి ఉంటుంది. "మద్దెల" దగ్గర గొంతు తగ్గించండి. అక్కడ తగ్గకపోతే పాట మొదలైనా వెనక వరసలు సద్దుమణగవు. స్టాండు ఆలస్యమైతే పేరు మాత్రం చెప్పేయకండి. ఆ పాట ఏ సందర్భంలోదో చెప్పే రెండు వాక్యాలు విడి కాగితం మీద ఉంచుకొని, "మద్దెలకు విశ్రాంతి" తర్వాత చదవండి. సౌండ్ అబ్బాయి చెయ్యెత్తగానే ఎక్కడున్నా ఆపి "లలిత గీతంతో" దగ్గరికి వచ్చేయండి.

కొత్త సభ్యుడు: వందన సమర్పణ నమూనా ఉంటే పెట్టగలరా? రేపే కావాలి.

గోదారి గట్టు: అది వేరే పోస్టు పెట్టండి బాబూ, ఇక్కడ పిలుపుల గురించి. పాత మైకు గారూ, "గారు" సంగతి తేల్చలేదు. సాటి విద్యార్థికి "పల్లవి గారు" అంటే అందరూ నవ్వుతున్నారు.

పాత మైకు: పేరుతో ఆపేస్తే ఆ గొడవే లేదు. "వస్తోంది", "వస్తున్నారు" అనే తగవు కూడా క్రియతోనే పోయింది.

ఓరుగల్లు కోట: అందరు పిల్లలే అయితే సరే. మా పాటల ఒక మేడం సుత పాడుతున్నరు. మేడం పేరుకు "గారు" పెట్టి, పక్కనున్న పిల్లకు ఉత్త పేరంటే మంచిగుండదు గద?

పద్యప్రియ: ఇద్దరికీ పెట్టండి. వేదిక ఎక్కాక చిన్నా పెద్దా ఏముంది?

పాత మైకు: దానికి నేను ఒప్పుకోను. పిల్ల పేరు ముందు చెప్పి, మేడం పేరు "గారు"తో చివర పెడితే తేడా చెవికి తగలదు.

ఓరుగల్లు కోట: పెద్దోళ్ల పేరు ఎనుక చెప్తే మా ప్రిన్సిపాల్ సారు ఊకుంటరా?